ఎనభై అయిదు శాతం అడిగే ప్లాంట్ హెడ్‌లకు ఒక బహిరంగ లేఖ

ప్లాంట్ హెడ్ గార్లందరికీ,

పొద్దున్న ఎనిమిదిన్నర మీటింగులో మీ ముందు పెట్టే కాగితం మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఒక అంకె ఉంటుంది కదా, ఓఈఈ అని. దాన్ని తయారుచేసే వాళ్లలో నేనొకణ్ని. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో ప్యాకింగ్ సెక్షన్లలోనే ఇరవై ఏళ్లు దాటింది. ఈ లేఖ ఏ ఒక్కరినీ ఉద్దేశించింది కాదు. కంపెనీలు మారాను, హెడ్‌లు మారారు, మీటింగు గదిలో వినపడే మాట మాత్రం మారలేదు: "ఎనభై అయిదు ఎందుకు రావట్లేదు?"

వస్తుంది సార్. మెషీన్ ముట్టుకోకుండానే వస్తుంది. ఎలా వస్తుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఒక షిఫ్టు తీసుకుందాం. బ్లిస్టర్ మెషీన్. మందుల షాపులో మాత్రల షీటు అంటారే, అది మా దగ్గర బ్లిస్టర్. ఒక దెబ్బకు నాలుగు బ్లిస్టర్లు కట్ అవుతాయి. ఈ మాత్రకు, ఈ ఫాయిల్‌కు నిమిషానికి 40 కట్ల దాకా పోవచ్చని వ్యాలిడేషన్‌లో తేలింది. అంటే నిమిషానికి 160 బ్లిస్టర్లు. లెక్క సులువుగా సాగాలని అంకెల్ని కాస్త గుండ్రం చేశాను, కథ మాత్రం నేను చూసిందే.

షిఫ్టు 480 నిమిషాలు. భోజనానికి 30 పోతే 450. అందులో ఒక బ్యాచ్ అయిపోయి ఇంకో బ్యాచ్ ఎక్కించడానికి 52 నిమిషాలు పట్టింది. సీలింగ్ ప్లేటు టెంపరేచర్ నిలవక 23 నిమిషాలు ఆగింది. మిగిలిన 375 నిమిషాలు మెషీన్ నడిచినట్టు లాగ్‌బుక్ చెబుతుంది. కౌంటర్‌లో 48,000 బ్లిస్టర్లు పడ్డాయి. అందులో 960 రిజెక్ట్ బిన్‌లోకి పోయాయి. మంచివి 47,040.

ఇక లెక్క. నడవాల్సిన 450లో 375 నడిచింది, అవైలబిలిటీ 83.3 శాతం. 375 నిమిషాల్లో 60,000 రావాలి, 48,000 వచ్చాయి, పెర్ఫార్మెన్స్ 80 శాతం. వచ్చినవాటిలో మంచివి 98 శాతం, అది క్వాలిటీ. మూడూ గుణిస్తే 65.3.

నేను మొదటిసారి ఇలాంటి అంకె పట్టుకెళ్లినప్పుడు అప్పటి హెడ్‌గారు కాగితం వెనక్కి తోసి, "ఇది కస్టమర్ ఆడిట్‌లో చూపించేదేనా?" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో. నేను కిందకొచ్చి, అదే షిఫ్టుకు ఇంకో కాగితం తయారుచేశాను.

మొదట 40 కట్లను పట్టుకున్నాను. గత మూడు నెలల ఉత్పత్తిని నడిచిన నిమిషాలతో భాగిస్తే సగటున 32 కట్లు వచ్చాయి. "స్టాండర్డ్ స్పీడ్" అని ఆ 32 రాశాను. 375 నిమిషాల్లో 32 కట్ల చొప్పున రావాల్సినవి 48,000, వచ్చినవీ 48,000. పెర్ఫార్మెన్స్ నూటికి నూరు. ఓఈఈ ఒక్క ఉదుటున 81.7కు పోయింది. తరవాత బ్యాచ్ మార్పిడి 52 నిమిషాలను పట్టుకున్నాను. అది ముందే తెలిసిన పని కాబట్టి "ప్లాన్డ్ స్టాప్" అని భోజనం పక్కన పెట్టేశాను. నడవాల్సిన సమయం 398 నిమిషాలైంది, ఓఈఈ 92.3 అయింది. రిజెక్ట్ అయిన బ్లిస్టర్ల నుంచి మాత్రలు ఒలిచి తిరిగి వాడుకుంటాం కదా, వాటినీ మంచివాటిలో కలిపితే 94 దాటేది. అంతకు తెగించలేదు. 92 చూస్తేనే నాకు నవ్వొచ్చింది.

స్టోర్‌కు వెళ్లిన బ్లిస్టర్లు మాత్రం అవే 47,040. ఒక్కటీ పెరగలేదు. ఆ మర్నాడు మీటింగులో చప్పట్లు కొట్టారు సార్.

కాకిలెక్క అని నన్ను అనొచ్చు, పడతాను. కానీ ఆ లెక్కలో నాకు అవకాశం ఎక్కడ దొరికిందో చూడండి. మూడు భాగాలనూ పక్కపక్కనే రాస్తే ఒక తమాషా బయటపడుతుంది. ఎక్సెల్‌లో B2లో నడవాల్సిన నిమిషాలు, B3లో నిమిషానికి రావాల్సిన బ్లిస్టర్లు, B4లో నడిచిన నిమిషాలు, B5లో మొత్తం బ్లిస్టర్లు, B6లో రిజెక్టులు ఉన్నాయనుకోండి.

```
=(B4/B2)*(B5/(B4*B3))*((B5-B6)/B5)
=(B5-B6)/(B2*B3)
```

రెండు వరుసలూ ఒకే జవాబిస్తాయి. మొదటి వరుసలో B4 పైనా ఉంది, కిందా ఉంది, కొట్టేసుకుపోతుంది. అంటే మెషీన్ ఎంతసేపు నడిచిందన్న సంగతి చివరి అంకెకు అసలు అక్కర్లేదు. ఆపరేటర్ 375 రాసినా, 340 రాసినా ఓఈఈ అదే 65.3. ఒక చోట తగ్గింది ఇంకో చోట పెరుగుతుందంతే. మీరు లాగ్‌బుక్కులు తెప్పించుకుని, ఆగిన నిమిషాల్ని ఎర్ర ఇంకుతో దిద్ది, ఆపరేటర్ని నిలబెట్టి అడుగుతారే, ఆ పద్దు తప్పయినా ఒప్పయినా మొత్తం అంకె కదలదు. మంచి బ్లిస్టర్ల లెక్క మారనప్పుడు కదిపేవి కింద కూర్చున్న రెండే: నడవాల్సిన సమయం, రావాల్సిన వేగం. ఆ రెంటినీ రాసేది ఆపరేటర్ కాదు. ఆఫీసులో కూర్చున్న మేము.

అందుకే రిపోర్టు మీ చేతికి రాగానే ముందు అంకె చూడకండి. దాని కింద ఏ వేగం వేసుకున్నామో, షిఫ్టులోంచి ఏయే నిమిషాలు తీసేశామో అడగండి. కొన్నాళ్లకు పెర్ఫార్మెన్స్ ఏదో ఒక రోజు 104 అనో 110 అనో వస్తే అదే రుజువు. రాగలిగినదానికన్నా ఎక్కువ రావడమేమిటి? పైన పెట్టాల్సిన గీతను మధ్యలో గీశామన్నమాట. మా దగ్గర అలాంటి రోజు వచ్చినప్పుడు దాన్ని సరిదిద్దడానికి రిపోర్టులో 100 దాటితే 100 అనే చూపించమని ఫార్ములా మార్చారు. జ్వరం వస్తే థర్మామీటర్ విరగ్గొట్టడం అన్నమాట.

మరి 40 అనేది ఎక్కడిది అంటారేమో. మెషీన్ మీద తాపడం చేసిన ప్లేటు మీద అంతకన్నా పెద్ద అంకె ఉంటుంది, అది వేసుకోమనను. ఆ వేగం ఖాళీ మెషీన్‌ది, లేదా చిన్న బ్లిస్టర్‌ది. ఫలానా మాత్ర, ఫలానా ఫాయిల్, ఫలానా సైజుకు సీలింగ్ గట్టిగా నిలిచిన వేగమే లెక్క. దాన్ని ఎలా తేలుస్తారో మీకు తెలియంది కాదు. మిథిలీన్ బ్లూ కలిపిన నీళ్లలో బ్లిస్టర్లు ముంచి, గాలి లాగేసి, మళ్లీ వదిలి, బయటికి తీసి తుడిచి చూస్తాం. ఒక్క అరలో నీలం చుక్క కనపడినా ఆ వేగం పనికిరాదు. ఆ పరీక్ష నెగ్గిన వేగాల్లో పైది ఏదో అదే వేసుకోవాలి. నిన్న మొన్న నడిపిన సగటు కాదు. అదే మెషీన్ మీద రెండు పక్కలా అల్యూమినియం ఉండే ప్యాక్ నడిపితే వేగం వేరుగా ఉంటుంది, దానికి వేరే గీత ఉండాలి. ఒకే షిఫ్టులో రెండూ నడిస్తే దేనికి దాని వేగంతో ఎన్ని నిమిషాల పని అయిందో కట్టి, ఆ నిమిషాల్ని కూడాలి.

ఇక 52 నిమిషాల సంగతి. మీరు అడిగే ఎనభై అయిదు ఎక్కడిదో ఒకసారి గుర్తుచేస్తాను. జపాన్‌లో టీపీఎం పద్ధతిని నిలబెట్టిన సెయిచి నకజీమా చెప్పింది అది. అవైలబిలిటీ 90 పైన, పెర్ఫార్మెన్స్ 95 పైన, క్వాలిటీ 99 పైన ఉండాలన్నాడు. గుణిస్తే 84.6 వస్తుంది, అదే నోళ్లలో 85 అయింది. బాగానే ఉంది. కానీ ఆయనే ఆరు రకాల నష్టాలు చెప్పాడు, అందులో సెటప్, అడ్జస్ట్‌మెంట్ ఒకటి. అంటే బ్యాచ్ మార్పిడి ఆయన లెక్కలో నష్టమే. ఆయన 85ను తీసుకుని ఆయన లెక్కను వదిలేయడం, పక్కింటి తూకంరాయితో మనింటి త్రాసులో తూచుకోవడం లాంటిది.

మందుల ప్యాకింగ్‌లో లైన్ క్లియరెన్స్ తప్పదని నాకూ తెలుసు. పాత బ్యాచ్ మాత్ర ఒక్కటి కూడా గైడ్ ట్రాక్ కిందో, చ్యూట్ మూలలోనో మిగలకూడదు. ఆ పనిలో తొందరపెట్టమని నేను చచ్చినా చెప్పను. అయితే ఆ 52 నిమిషాలు దగ్గరుండి చూసినవాణ్ని. తుడిచింది, విప్పింది, బ్యాచ్ నంబర్ అచ్చులు మార్చింది అంతా కలిపి 31 నిమిషాలు. మిగిలిన 21 నిమిషాలు క్యూఏ నుంచి మనిషి వచ్చి చూసి సంతకం పెట్టడం కోసం ఎదురుచూపు. ఆ అమ్మాయి తప్పు కాదు, ఆ వేళకు మూడు లైన్లలో ఒకేసారి బ్యాచ్ అయిపోయింది, మనిషి ఒక్కతే. లైన్లకు బ్యాచ్‌లు ఎక్కించే వేళల్ని అరగంట అటూ ఇటూ జరిపితే తీరే బాధ. "ప్లాన్డ్ స్టాప్" అని రాసి పక్కన పెట్టిన రోజు నుంచీ ఆ 21 నిమిషాలు ఎవరికీ కనపడలేదు. తగ్గించలేనిది కూడా లెక్కలోనే ఉండాలి సార్. తగ్గించలేమని దాని పక్కన రాద్దాం, తీసేయవద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెర్ఫార్మెన్స్ 80 శాతం. మిగతా 20 ఎటు పోయింది? లాగ్‌బుక్‌లో దానికి చోటు లేదు, ఎందుకంటే అయిదు నిమిషాలకు తక్కువ ఆగితే రాయక్కర్లేదని మా నియమం. మెషీన్ స్క్రీన్ మీద వేగం చూస్తే 36 కట్లు. అంటే నలభైకి నాలుగు తక్కువ, అది పది శాతం. తక్కిన దానికి జవాబు కాగితంలో దొరకదు. ఒకరోజు స్టాప్‌వాచీ పట్టుకుని ఫీడర్ పక్కన గంటసేపు నిలబడ్డాను.

నడుస్తున్న బ్లిస్టర్ మెషీన్‌కు ఒక తాళం ఉంటుంది. పక్కన రెండు రోజులు నిలబడితే చెవికి అలవాటైపోతుంది. ఆ తాళం తప్పిందంటే ఆపరేటర్ చూడకుండానే చెయ్యి గార్డు మీదకు వెళ్తుంది. గార్డు తెరవగానే ఇంటర్‌లాక్ పడి మెషీన్ ఆగుతుంది. ఫీడర్ ట్రాకుల్లో ఒకదాంట్లో మాత్ర అడ్డం పడి ఉంటుంది, చాలాసార్లు సగం విరిగిన ముక్క. మెత్తని బ్రష్‌తో తోసి, రాకపోతే ట్వీజర్లతో లాగి, గార్డు మూసి, రీసెట్ కొట్టి, స్టార్ట్. పాతిక సెకన్లు. అలవాటైన చెయ్యి కాబట్టి పాతిక, నాకైతే నిమిషం పట్టేది. గంటలో పదహారుసార్లు అలా జరిగింది. "అన్నా, ఇవి కూడా రాయాలంటే బ్రష్ పట్టుకోవాల్నా, పెన్ను పట్టుకోవాల్నా?" అన్నాడు ఆపరేటర్. నిజమే కదా.

పదహారు పాతికలు నాలుగు వందల సెకన్లు. గంటకు ఆరు నిమిషాల నలభై సెకన్లు. 375 నిమిషాలకు లెక్కేస్తే వందసార్లు ఆగడం, దాదాపు 42 నిమిషాలు పోవడం. నడిచాయనుకున్న 375లో నిజంగా నడిచింది 333. ఆ 333 నిమిషాలు 36 కట్ల చొప్పున గుణించి చూడండి, కౌంటర్ చూపిన 48,000 దగ్గరకే వస్తుంది. లాగ్‌బుక్ చెప్పని 42 నిమిషాలు అలా దొరికాయి. 23 నిమిషాల బ్రేక్‌డౌన్‌కు మెయింటెనెన్స్ వాళ్లు కారణాలతో రెండు పేజీల రిపోర్టు రాశారు. దాదాపు రెండింతలున్న ఈ 42కు ఒక్క గీత కూడా లేదు.

ఇంకా ఉంది. మెషీన్ ఆగి మళ్లీ నడిచినప్పుడు, సీలింగ్ దగ్గర నిలిచిపోయిన రెండు కట్లను రిజెక్ట్ చేసేలా మా మెషీన్‌లో సెట్టింగ్ ఉంది. ఆగినచోట సీల్ ఎలా పడిందో నమ్మలేం కాబట్టి. రెండు కట్లంటే ఎనిమిది బ్లిస్టర్లు. వందసార్లు ఆగితే ఎనిమిది వందలు. షిఫ్టు మొత్తం రిజెక్టులు 960 అని చెప్పాను కదా. అంటే అందులో ఎనిమిది వందలు ఈ విరిగిన ముక్కల పుణ్యమే. ఖాళీ అరలు, చెదిరిన ప్రింటు అన్నీ కలిపి 160.

వేగం 36కు దించింది కూడా దీనికోసమే. 40లో పెడితే ఇంకా ఎక్కువసార్లు ఇరుక్కుంటోందని ఆపరేటర్లే దించుకున్నారు. అంటే వేగం తగ్గడం, చిన్నచిన్న ఆగుళ్లు, రిజెక్టులు అని మన రిపోర్టు మూడు గళ్లలో పంచిన నష్టమంతా ఒకే చోట పుట్టింది. మీటింగులో పెర్ఫార్మెన్స్‌కు ప్రొడక్షన్ వాళ్లని, క్వాలిటీకి క్యూఏ వాళ్లని విడివిడిగా అడిగారు. ఇద్దరూ విడివిడిగా జవాబులు చెప్పారు. రెండూ అబద్ధాలు కావు, అందుకే ఏదీ తెగలేదు.

ఆ గంటలో ట్రాకుల్లోంచి తీసిన ముక్కల్ని ఒక పాలిథిన్ కవర్లో వేయించాను. అది పట్టుకుని కంప్రెషన్ సెక్షన్‌కు వెళ్లాను. మాత్రలు కొట్టే వాళ్ల మెషీన్ టూలింగ్ విప్పి చూస్తే కొన్ని పంచ్‌ల అంచులు అరిగి ఉన్నాయి, మాత్ర అంచు చితికిపోతోంది. మాత్రల మీది పొడి దులిపే డీడస్టర్‌కు గాలి లాగుడు సరిగా లేదు, ఆ పొడి డ్రమ్ముల్లో మా దాకా వచ్చి ట్రాకుల్లో పేరుకుంటోంది. పంచ్‌లు మార్చారు, డక్టు శుభ్రం చేశారు. తరవాతి వారం మళ్లీ స్టాప్‌వాచీ పట్టుకుంటే గంటకు ఆరుసార్లు ఇరుక్కుంది. ఎవరూ చెప్పకుండానే ఆపరేటర్లు 38 కట్లకు పెంచుకున్నారు.

అప్పుడేమైందో తెలుసా? నా 32 కట్ల స్టాండర్డ్ మీద పెర్ఫార్మెన్స్ 114 వచ్చింది. నిజమైన గీత మీద చూస్తే 91. అకౌంట్స్ నుంచి ఫోన్: "స్టాండర్డ్ తప్పుగా ఉంది, పెంచండి." ఆ స్టాండర్డ్‌తోనే ఆపరేటర్ల ఇన్సెంటివ్ ముడిపడి ఉంది. బాగుచేసినందుకు వాళ్ల చేతికొచ్చే డబ్బు తగ్గబోయింది. 40 తీసేసి 32 ఎందుకు రాశావని అడిగితే నేను చెప్పే అసలు కారణం ఇదే సార్, మీకు భయపడి మాత్రమే కాదు. 40 అని రాస్తే రేపటి నుంచి 40 కొట్టమంటారని. ఓఈఈకి వేసే వేగం వేరు, మనిషికిచ్చే టార్గెట్ వేరు. రెంటినీ ఒకే గడిలో పెట్టినంతకాలం ఆ గడిలో ఎవరూ నిజం రాయరు.

ఇంకొక చిన్న మాట, ప్లాంట్ మొత్తానికి ఒక అంకె కావాలని అడుగుతారు కాబట్టి. లైన్ల శాతాల్ని కూడి లైన్ల సంఖ్యతో భాగించి ఇస్తున్నాం. 450 నిమిషాలు నడవాల్సిన లైన్ 65, గంటన్నర మాత్రమే నడవాల్సిన లైన్ 90 అయితే సగటు 77.5 అని రాస్తున్నాం. నిమిషాల బరువు కట్టి చూస్తే అది 69.2. గంటన్నర లైన్ మొత్తం ప్లాంట్‌ను ఎనిమిది పాయింట్లు పైకి లాగుతోంది. లైన్ల వారీగా చూడటమే మేలు. అందులోనూ సరుకు ఎక్కడ ఆగిపోతోందో ఆ లైన్‌దే చూడండి. మిగతావాటికి ఓఈఈ పెంచమంటే డ్రమ్ములు, క్రేట్లు కారిడార్‌లో పేరుకోవడం తప్ప ఇంకేం జరగదు.

నేను అడిగేది ఇంతే. మా షిఫ్టు రిపోర్టులో ఓఈఈ పక్కన మూడు గళ్లు పెంచడానికి అనుమతివ్వండి: వేసుకున్న వేగం, తీసేసిన నిమిషాలు, గంటకు ఎన్నిసార్లు గార్డు తెరిచారు. మూడోది రాయక్కర్లేదు, గార్డు ఇంటర్‌లాక్ ఎన్నిసార్లు పడిందో మెషీన్ కంట్రోలర్ లెక్కపెట్టుకోగలదు, స్క్రీన్ మీదకు తెప్పించమని ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు ఒక్క మాట చెప్పాలి. మొదటి నెల ఓఈఈ అరవైల్లోకి పడిపోతుంది. ఆ నెల మీటింగులో కాగితం వెనక్కి తోయకండి.

వీలైతే ఏదో ఒక రోజు మధ్యాహ్నం రెండున్నరకు, షిఫ్టు మారే వేళ దాటాక, గౌన్ వేసుకుని లైన్ దగ్గరకు రండి. స్టాప్‌వాచీ నా దగ్గరుంది. పాలిథిన్ కవర్ కూడా అక్కడే ఉంటుంది, దాని మీద ఆ రోజు బ్యాచ్ నంబర్ రాసి పెడతాను.

విధేయుడు,
ఒక ప్యాకింగ్ షిఫ్టు ఇన్‌ఛార్జి